అద్దె ఫ్లాట్‌లో దిగేముందు ప్లాన్ గీసుకోవడం: స్కేలు, తలుపు రెక్కలు, మంచం, బీరువా

ప్రశ్న: నిజాంపేటలో సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ అద్దెకు తీసుకున్నాం, ఒకటో తారీఖున దిగాలి. బెడ్‌రూమ్ 10 బై 11, కిచెన్ 6 బై 8, హాలు 10 బై 14 అని ఓనర్ చెప్పారు, ప్లాన్ కాగితం మాత్రం లేదన్నారు. మా దగ్గర ఆరున్నర బై అయిదు పరుపు మంచం, ఇనప బీరువా, సింగిల్ డోర్ ఫ్రిజ్ ఉన్నాయి. ఇంట్లోంచి పని చేసుకోవడానికి చిన్న టేబుల్ కూడా పట్టాలి. బీరువా నైరుతిలో ఉత్తరం చూస్తూ ఉండాలని మా అత్తగారి పట్టు. కాగితం మీద గీసి చూసుకుందామంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు. ఫోటోలు పెట్టాను. యాప్ లేకుండా చేతితో గీయొచ్చా?

సమాధానం:

చేతితోనే గీయండి. ఇరవై రెండేళ్ళుగా డ్రాఫ్ట్స్‌మన్ పని చేస్తున్నాను. నా సొంత ఇల్లు మారాల్సి వస్తే మాత్రం ఇప్పటికీ గ్రాఫు కాగితమే తీస్తాను. స్కూలు పిల్లలు వాడే గ్రాఫు షీటు, 5 మీటర్ల టేపు, స్కేలు, వృత్తలేఖిని, పెన్సిలు ఉంటే చాలు. ఒక పాత శుభలేఖ కూడా పక్కన పెట్టుకోండి, దాని పని చివర్లో ఉంది.

ముందు ఒక్క మాట. ఓనర్ చెప్పిన 10 బై 11ని నమ్మి గీయకండి. ఆయన అబద్ధం చెప్పారని కాదు. ఆ కొలత గోడ మధ్య నుంచి మధ్యకా, ప్లాస్టరింగ్‌కి ముందా, స్కర్టింగ్ వదిలేసా అన్నది ఆయనకీ తెలియదు. తాళంచెవి తీసుకుని ఒక గంట ఖాళీ ఫ్లాట్‌లో కూర్చుని మీరే కొలవండి. ఈ సమాధానంలో మాత్రం లెక్క చూపించడానికి బెడ్‌రూమ్ లోపలి కొలత తూర్పు పడమరలుగా 305 సెంటీమీటర్లు, ఉత్తర దక్షిణాలుగా 335 అనుకుంటాను. మీ టేపు వేరే అంకె చూపిస్తే దాన్నే వాడండి.

కొలతలన్నీ సెంటీమీటర్లలోనే రాసుకోండి. మనం అడుగులూ అంగుళాల్లో మాట్లాడతాం, అది మాటల వరకే బాగుంటుంది. పది అడుగుల పది అంగుళాలని కాగితం మీద 10.10 అని రాస్తాం. సాయంత్రం క్యాలిక్యులేటర్‌లో అదే కొడతాం. నిజానికి అది 10.83 అడుగులు. దాదాపు తొమ్మిది అంగుళాలు, అంటే 22 సెంటీమీటర్లు, కాగితం మీద మాయమైపోతాయి. కుర్చీ పట్టడానికీ పట్టకపోవడానికీ తేడా అంతే ఉంటుంది.

గోడ కొలిచేటప్పుడు మూల నుంచి తలుపు దాకా ఒకసారి, తలుపు ఒకసారి, మిగిలిన ముక్క ఇంకోసారి కొలవకండి. ఒక్కో ముక్కలో అర సెంటీమీటరు తప్పినా చివరికి అన్నీ కలుస్తాయి. టేపు కొస మూలలో పెట్టి గోడ పొడవునా పరిచి వదిలేయండి. తలుపు ఎక్కడ మొదలైంది, ఎక్కడ ముగిసింది, అవతలి మూల ఎక్కడుంది అని ఒకే టేపు మీద వరసగా చదవండి. ఇంట్లో ఇంకొకరు కొస పట్టుకుంటే పావుగంటలో గది అయిపోతుంది. టేపు డబ్బాని అవతలి గోడకి ఆనించి చదివితే డబ్బా పొడవు కూడా కలపాలి. అది చాలా టేపుల మీద వెనకో అడుగునో అచ్చు వేసి ఉంటుంది. టేపు కొసన ఉండే ఇనప కొక్కెం కొంచెం ఊగుతుంటే పాడైపోయిందని అనుకోకండి. లోపలి కొలతకీ బయటి కొలతకీ కొక్కెం మందం సర్దుకోవాలని కావాలనే అలా వదులుగా పెడతారు.

నాలుగు గోడలూ అయ్యాక మూల నుంచి ఎదురు మూలకి, అంటే కర్ణాలు రెండూ కొలవండి. 305, 335 గది నిజంగా చదరంగా ఉంటే కర్ణం 453 సెంటీమీటర్లు రావాలి. ఒకటి 460, ఇంకొకటి 446 వస్తే గది మూల తిరిగిందన్నమాట, లేదా మీరెక్కడో తప్పు చదివారు. అప్పుడు ఏది నిజమో అక్కడే మళ్ళీ కొలిచి చూసుకోండి, ఇంటికొచ్చాక తెలిస్తే మళ్ళీ వెళ్ళాలి. గోడ మందం గుమ్మం దగ్గర తెలిసిపోతుంది. లోపలి గోడలు ప్లాస్టరింగ్‌తో కలిపి సుమారు 15 సెంటీమీటర్లు ఉండటం మామూలే.

ఇక స్కేలు. 1:50 పెట్టుకోండి. అంటే నేల మీద 50 సెంటీమీటర్లు కాగితం మీద 1 సెంటీమీటరు. గ్రాఫులో చిన్న గడి ఒకటి, అంటే 1 మిల్లీమీటరు, నేల మీద 5 సెంటీమీటర్లు. లెక్క నోటితోనే చేయొచ్చు: కొలతని రెట్టింపు చేసి, చుక్కని రెండు స్థానాలు ఎడమకి జరపండి. 335 రెట్టింపు 670, కాగితం మీద 6.7. అలాగే 305 అంటే 6.1. హాలు, కిచెన్, బెడ్‌రూమ్ కలిపినా ఒక్క షీటులో పడతాయి. ఒక సెంటీమీటరుకి ఒక అడుగు చొప్పున గీస్తే బొమ్మ పెద్దగా ఉంటుంది కదా అని కొందరు మొదలుపెడతారు, హాలు గీసేసరికి కాగితం అయిపోతుంది.

గోడని ఒక్క గీతగా గీయకండి, 3 మిల్లీమీటర్ల ఎడంతో రెండు గీతలు గీయండి. ఒక్క గీత గీసినవాళ్ళు పక్క గదిని ఆ గీతకే అంటించేస్తారు, దాంతో ఫ్లాట్ మొత్తం పొడవు తేడా వస్తుంది. పైన ఉత్తరం ఉండేలా గీసి, బాణం వేయండి. దిక్కు ఫోన్‌లో చూస్తే బాల్కనీలోకి వెళ్ళి చూడండి. ఇనుము దగ్గర ఆ ముల్లు మాట వినదు.

తలుపుల సంగతి కాస్త నిదానంగా చెప్తాను, ఎందుకంటే నేను దెబ్బతిన్నది అక్కడే. పెళ్ళయిన కొత్తలో తీసుకున్న మొదటి అద్దె ఇంటికి ప్లాన్ గీశాను. డ్రాఫ్ట్స్‌మన్‌ని కదా, గోడలు, కిటికీలు, మంచం అన్నీ అందంగా వేశాను. తలుపులున్న చోట మాత్రం ఖాళీ వదిలి ఊరుకున్నాను. సామాను దిగాక చూస్తే బెడ్‌రూమ్ తలుపు సగం తెరుచుకుని మంచం కాలికి తగిలి ఆగిపోయింది. మంచం జరపడానికి అవతల పక్క బీరువా. ఏడు నెలలు ఆ గదిలోకి పక్కకి తిరిగి వెళ్ళాం. ఆఫీసులో ఈ విషయం ఎవరికీ చెప్పలేదు.

తలుపు గీసే పద్ధతి ఇది. ముందు రెక్క వెడల్పు కొలవండి, ద్వారబంధం వెడల్పు కాదు. బెడ్‌రూమ్ తలుపు మూడడుగులు అంటే అది చెక్క ఫ్రేముతో కలిపిన మాట, రెక్క 80 దగ్గర ఉంటుంది. తర్వాత బందులు ఏ పక్కన ఉన్నాయో చూడండి. తలుపు మీవైపు తెరుచుకుంటుంటే బందుల కణుపులు మీకు కనిపిస్తాయి, అవతలికి తెరుచుకుంటుంటే కనిపించవు. కాగితం మీద గోడ గీతల్ని తలుపున్న చోట 1.6 సెంటీమీటర్ల మేర తెంచండి. బందులున్న కొస నుంచి గదిలోకి నిటారుగా 1.6 సెంటీమీటర్ల గీత గీయండి, అది పూర్తిగా తెరిచిన రెక్క. వృత్తలేఖిని ముల్లు బందు దగ్గర గుచ్చి, ఆ గీత కొస నుంచి గోడ తెగిన అవతలి కొస దాకా పావు వృత్తం లాగండి. ఆ పావు వృత్తం లోపల ఏ సామానూ ఉండకూడదు.

మీ ఫోటోల్లో బెడ్‌రూమ్ తలుపు ఉత్తరం గోడకి, తూర్పు మూలకి దగ్గరగా ఉంది. బందులు తూర్పు పక్కన ఉన్నాయి, రెక్క లోపలికి తెరుచుకుని తూర్పు గోడ వైపు పోతోంది. ఇది మంచి సంగతి. బాత్రూమ్ తలుపు పడమటి గోడకి, ఉత్తరం కొసలో ఉంది, బాత్రూమ్ లోపలికే తెరుచుకుంటోంది కాబట్టి దాని పావు వృత్తం బెడ్‌రూమ్‌లోకి రాదు. అయినా గీయండి. గీయకపోతే ఆ గోడంతా ఖాళీ అనిపించి టేబుల్‌ని దాని ముందుకి జరిపేస్తారు. వీధి తలుపుకి చెక్క రెక్క లోపలికి, ఇనప గ్రిల్లు బయటికి తెరుచుకుంటుంటే రెండు పావు వృత్తాలూ వేయండి. చెప్పుల స్టాండు ఎక్కడ పెట్టాలో అప్పుడే తెలుస్తుంది.

సామానుకి వద్దాం. మంచం అంటే పరుపు కొలత కాదు. ఆరున్నర బై అయిదు పరుపంటే 198 బై 152. దాని చుట్టూ చెక్క, తలవైపు పలక కలిపితే మంచం సుమారు 208 బై 163 వస్తుంది. మీ మంచాన్ని బయటి అంచు నుంచి బయటి అంచుకి కొలవండి. ఇనప బీరువా మామూలుగా 91 వెడల్పు, 48 లోతు. దానికి రెండు రెక్కలున్నాయి, ఒక్కోటీ 45. గది తలుపుకి గీసినట్టే వాటికీ పావు వృత్తాలు గీయాలి. ఈ పని దాదాపు ఎవరూ చేయరు. బీరువా పట్టిందని సంతోషిస్తారు, తెరవడానికి మంచం ఎక్కుతారు.

ఇప్పుడు మీ గది. అత్తగారి మాట ప్రకారం బీరువా నైరుతి మూలలో, వీపు దక్షిణం గోడకి. పడమటి గోడకి పూర్తిగా ఆనించకండి, 5 సెంటీమీటర్లు వదలండి, లేకపోతే పడమటి వైపు రెక్క పిడి గోడకి కొట్టుకుంటుంది. అంటే దక్షిణం గోడ పొడవునా పడమటి మూల నుంచి 96 సెంటీమీటర్ల దాకా బీరువాకి పోయింది.

మంచం తల తూర్పుకి పెడితే ఏమవుతుందో ముందు చూద్దాం. మంచం 208 పొడవు తూర్పు గోడ నుంచి పడమటికి వస్తుంది. 305లోంచి 208 తీస్తే కాళ్ళ వైపు 97 మిగిలింది. నడవడానికి బాగానే ఉంది. బీరువా రెక్కలు 90 డిగ్రీల దాకా తెరుచుకుంటాయి, అదీ ఫర్వాలేదు. కానీ టేబుల్ పడమటి గోడకి పెడితే దాని లోతు 50 పోయి, కుర్చీకి 47 మిగులుతుంది. కుర్చీ వెనక్కి లాక్కుని కూర్చుని లేవడానికి 75 అయినా కావాలి. ఇక్కడ పరుపు కొలతతో గీసినవాళ్ళకి 57 కనిపిస్తుంది, ఎలాగోలా సర్దుకోవచ్చులే అనిపిస్తుంది. తీరా మంచం బిగించాక టెన్షన్ మొదలవుతుంది.

తల దక్షిణానికి పెట్టి చూడండి, వాస్తు పట్టింపు ఉన్నవాళ్ళు దానికి అభ్యంతరం చెప్పరు. మంచాన్ని తూర్పు గోడకి ఆనించండి. 163 వెడల్పు తూర్పు నుంచి లెక్కేస్తే మంచం అంచు పడమటి గోడ నుంచి 142 దగ్గర ఉంటుంది. బీరువా అంచు 96 దగ్గర, కాబట్టి మధ్యలో 46. తూర్పు వైపు రెక్క 45. అంటే ఆ రెక్క పూర్తిగా వెనక్కి వాల్చినా మంచానికి తగలకూడదు, ఒక్క సెంటీమీటరు తేడాతో. ఇక్కడ కాగితాన్ని నమ్మకండి. 1:50లో పెన్సిలు గీత మందమే నేల మీద రెండు సెంటీమీటర్ల పైన ఉంటుంది. 5 సెంటీమీటర్ల లోపు తేడా మీద ఆధారపడే నిర్ణయం ఏదైనా బొమ్మ చూసి కాదు, తీసివేత చేసి, ఆ తర్వాత అసలు వస్తువుని టేపుతో కొలిచి తీసుకోవాలి. అదృష్టవశాత్తూ మీకు ఆ రెక్క 90 డిగ్రీలు తెరుచుకుంటే చాలు.

టేబుల్ 100 పొడవు, 50 లోతు అనుకుందాం. పడమటి గోడ మీద దక్షిణం మూల నుంచి 130 వదిలి మొదలుపెడితే 230 దగ్గర ముగుస్తుంది. బీరువా ముందు నిలబడే చోటు 130లోంచి 48 తీస్తే 82, రెక్కలు తెరిచి ఒక మనిషి నిలబడొచ్చు. టేబుల్‌కీ మంచానికీ మధ్య 92, కుర్చీకి సరిపోతుంది. బాత్రూమ్ తలుపు మూల నుంచి 250 దగ్గర మొదలవుతోందనుకుంటే ఇంకా 20 ఖాళీ ఉంది. మంచం కాళ్ళు 208 దగ్గర ఆగుతాయి, గది తలుపు పావు వృత్తం 335లోంచి 80 తీస్తే 255 దగ్గర మొదలవుతుంది, మధ్య 47. తలుపు దేనికీ తగలదు. ఫోటోలో పడమటి గోడ మధ్యలో ప్లగ్గు కనిపిస్తోంది, అది కూడా చిన్న సున్నాగా వేసుకోండి, టేబుల్ దగ్గరికే వస్తుంది. ఈ అమరికలో లోటు ఒకటే, గోడవైపు పడుకునేవాళ్ళు అవతలి మనిషిని దాటుకుని దిగాలి. ఎవరు అటు పడుకుంటారన్నది మీరిద్దరూ తేల్చుకోండి.

ఫ్రిజ్ కిచెన్‌లో పడుతుందా అంటే పడుతుంది, తలుపు తెరుచుకోదు. కిచెన్ వెడల్పు 183. గట్టు 60 లోతు. ఎదురు గోడకి ఫ్రిజ్ పెడితే దాని లోతు 65, వెనక గాలికి 10. 183లోంచి 60, 75 తీసేస్తే 48 మిగిలింది. ఫ్రిజ్ తలుపు వెడల్పు 55, గట్టు అంచుకి కొట్టుకుని ఆగిపోతుంది. కాబట్టి హాల్లోనే, కిచెన్ గుమ్మం పక్కన. చాలా ఫ్రిజ్‌లకి బందులు కుడి పక్కన ఉంటాయి. ఫ్రిజ్‌కి ఎదురుగా నిలబడితే కిచెన్ గుమ్మం మీ ఎడమ చేతి వైపు ఉండేలా పెట్టండి. కుడి వైపుంటే తెరిచిన తలుపు మీకూ కిచెన్‌కీ మధ్య అడ్డంగా నిలబడుతుంది, పాలగిన్నె పట్టుకుని చుట్టూ తిరగాలి. కుడి పక్క గోడ మూలకి మరీ ఆనిస్తే తలుపు 90 డిగ్రీల దగ్గరే ఆగి, కూరగాయల సొరుగు బయటికి రాదు.

ఇప్పుడు శుభలేఖ. ఆ అట్ట మీద మంచం 4.2 బై 3.3, బీరువా 1.8 బై 1, టేబుల్ 2 బై 1 కొలతల్లో కత్తిరించండి. బీరువా ముక్కకి ముందువైపు ఇంకో 0.9 సెంటీమీటర్ల అట్ట వదిలి, ఆ భాగం మీద రెక్కల పావు వృత్తాలు గీయండి. కుర్చీకి వెనక్కి జరిగే చోటుతో కలిపి ముక్క చేయండి. ఇప్పుడు బొమ్మ మీద వాటిని జరుపుతూ చూడటమే. అత్తగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకుంటే మంచిది, ముక్క ఆవిడ చేత్తో జరిపితే వాదన తగ్గుతుంది. నచ్చిన అమరిక దొరికాక చుట్టూ పెన్సిలుతో గీసేయండి. తాళంచెవి మీ దగ్గరే ఉంటే ఖాళీ గదిలో మంచం అంత మేర పాత పేపర్లు పరిచి, తలుపు తెరిచి మూసి, బాత్రూమ్ దాకా ఒకసారి నడిచి రండి.

సామాను దించేవాళ్ళకి ఈ బొమ్మ వాట్సాప్‌లో పంపుతారు కదా, ఫోటో తీయగానే స్కేలు పోతుంది. ఒకరి ఫోన్‌లో పెద్దగా, ఇంకొకరి ఫోన్‌లో చిన్నగా కనిపిస్తుంది. అందుకని 1:50 అని రాసి ఊరుకోకుండా, కింద 4 సెంటీమీటర్ల గీత గీసి, రెండు సమభాగాలు చేసి 0, 1 మీటరు, 2 మీటర్లు అని రాయండి. బొమ్మతో పాటు ఆ గీతా పెరుగుతుంది, తగ్గుతుంది. ముఖ్యమైన కొలతలు అంకెల్లో కూడా వేయండి. ప్రింటు తీయాల్సివస్తే `Fit to page` బదులు `Actual size` ఎంచుకుని, వచ్చిన కాగితం మీద ఆ గీత సరిగ్గా 4 సెంటీమీటర్లు ఉందో లేదో స్కేలు పెట్టి చూడండి.

ప్లాన్‌లో ఎత్తు కనబడదు. మీ ఫోటోలో నైరుతి మూల మీదుగా అటక వెళ్తున్నట్టుంది. అటక అంచుని బొమ్మలో చుక్కల గీతతో వేసి, దాని కింద ఎత్తు కొలిచి పక్కనే రాయండి. బీరువా 198 ఎత్తున్నా, పడుకోబెట్టి తెచ్చి లేపేటప్పుడు దాని కర్ణం తిరగాలి, అది 204 దాకా వస్తుంది. అటక కింద 210 ఉంటే అక్కడే లేపొచ్చు. 200 మాత్రమే ఉంటే గది మధ్యలో లేపి, నిలబెట్టే మూలకి జరపమని వాళ్ళకి ముందే చెప్పండి.